వైద్య విద్యార్థుల్లో కుంగుబాటు వ్యాప్తి: ఒక డిసర్టేషన్ ప్రతిపాదనను ఎలా కట్టాలి

మిత్రులారా, మానసిక వైద్యంలో శిక్షణ పొందుతున్న మీలో కొందరు ఈ ఏడాది వైద్య విద్యార్థుల్లో కుంగుబాటు వ్యాప్తిని డిసర్టేషన్ అంశంగా ఎంచుకోబోతున్నారని తెలిసి, ఈ సమయాన్ని ఆ ప్రతిపాదన రాయడానికే కేటాయించాను. ఈ అంశం అందరికీ నచ్చడానికి కారణాలు తెలిసినవే. పాల్గొనేవారు పక్క భవనంలోనే ఉంటారు, ప్రశ్నావళి ఉచితంగా దొరుకుతుంది, ఒక్కసారి నింపించుకుంటే డేటా చేతికి వచ్చేస్తుంది. ఈ సౌలభ్యం వల్లనే ప్రతిపాదనలో ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న తేలకుండా ఉండిపోతుంది. చివరి పట్టికలో మీరు రాయబోయే శాతం దేన్ని లెక్కపెడుతుంది? ప్రశ్నావళిలో ఎక్కువ స్కోరు వచ్చినవారినా, వ్యాధి ఉన్నవారినా? నమూనా పరిమాణం, పరికరం, నైతిక ఏర్పాట్లు అన్నీ దీనికి మీరిచ్చే సమాధానాన్ని బట్టి మారతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ అంశం మీద వచ్చే దాదాపు ప్రతి ప్రతిపాదన పీఠికలోనూ ప్రపంచంలోని వైద్య విద్యార్థుల్లో 27 శాతం మంది కుంగుబాటుతో బాధపడుతున్నారన్న వాక్యం కనిపిస్తుంది. ఈ సంఖ్య 2016లో రోటెన్‌స్టైన్, ఆమె సహచరులు జామా పత్రికలో ప్రచురించిన సమీక్ష నుంచి వచ్చింది. 43 దేశాల నుంచి లక్షా ఇరవై వేలకు పైగా విద్యార్థుల సమాచారాన్ని కలిపి వారు 27.2 శాతమని తేల్చారు. అయితే ఆ వ్యాసం చెప్పినది కుంగుబాటు లేదా కుంగుబాటు లక్షణాలు ఉన్నవారి శాతం. మనవాళ్లు ఉటంకించేటప్పుడు ఆ రెండో సగం రాలిపోతుంది. అందులోని ఒక్కొక్క అధ్యయనం చెప్పిన శాతం 1.4 నుంచి 73.5 వరకు ఉంది. విద్యార్థుల జీవితాలు ఒక చోటికీ మరో చోటికీ అంత తేడాగా ఉంటాయని నేను అనుకోను. ఒకరు ఒక ప్రశ్నావళి, మరొకరు మరొకటి వాడారు. ఒకే ప్రశ్నావళికి కూడా వేర్వేరు కటాఫ్‌లు పెట్టారు. ఆ వ్యత్యాసంలో చాలా భాగం కొలిచిన తీరులోనే ఉంది.

దీన్ని ఒక లెక్కతో చూస్తే స్పష్టంగా ఉంటుంది. కుంగుబాటును స్క్రీన్ చేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి మీద జరిగిన పెద్ద విశ్లేషణలలో, కటాఫ్‌ను 10గా పెట్టి, శిక్షణ పొందిన వైద్యుడు చేసిన ఇంటర్వ్యూతో పోల్చినప్పుడు, సెన్సిటివిటీ, అంటే వ్యాధి ఉన్నవారిని పాజిటివ్‌గా పట్టుకునే శాతం, సుమారు 88, స్పెసిఫిసిటీ, అంటే వ్యాధి లేనివారిని నెగటివ్‌గా చూపే శాతం, సుమారు 85 వచ్చాయి. ఇవి మంచి అంకెలే. వెయ్యి మంది విద్యార్థుల్లో నిజంగా 120 మందికి మేజర్ డిప్రెషన్ ఉందనుకుందాం. ఆ 120 మందిలో ప్రశ్నావళి సుమారు 106 మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని 880 మందిలో 15 శాతాన్ని, అంటే 132 మందిని, పొరపాటున పాజిటివ్ అంటుంది. మొత్తం పాజిటివ్‌లు 238. మీ పట్టికలో 23.8 శాతమని పడుతుంది, వాస్తవం 12 శాతం. స్కోరు దాటినవారిలో సగానికి పైగా వ్యాధి లేనివారే. పరికరంలో లోపమేమీ లేదు. తక్కువ మందిలో ఉండే జబ్బును స్క్రీనింగ్ పరికరంతో లెక్కపెడితే ఇలాగే జరుగుతుంది.

ఇది ఊహాగణితమేనని మీకు అనిపించవచ్చు. 2020లో లెవిస్ బృందం 44 అధ్యయనాల నుంచి తొమ్మిది వేలకు పైగా వ్యక్తుల సమాచారం తీసుకుని ఈ సంగతినే పరీక్షించింది. పీహెచ్‌క్యూ-9 స్కోరు 10 లేదా అంతకు మించి ఉన్నవారు 24.6 శాతం. అదే వ్యక్తులను ఎస్‌సీఐడీ అనే నిర్ధారణ ఇంటర్వ్యూతో పరీక్షిస్తే మేజర్ డిప్రెషన్ ఉన్నవారు 12.1 శాతం. మనం ఇప్పుడు కాగితం మీద వేసిన లెక్కకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

మరి కటాఫ్‌ను 14కు పెంచితే సరిపోదా అని అడగవచ్చు. మొత్తం మీద చూస్తే 14 దగ్గర రెండు శాతాలూ ఎక్కువగా సరిపోలాయని ఆ బృందమే చెప్పింది. కానీ ఒక్కొక్క అధ్యయనంలో ఆ తేడా ఎటు పోతుందో ముందుగా చెప్పలేమని కూడా చెప్పింది. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీలను ఉపయోగించి శాతాన్ని సరిచేసే రోగన్-గ్లాడెన్ సూత్రం కూడా ఉంది. కానీ స్పెసిఫిసిటీ 85 శాతం అనుకుని, మీ అధ్యయనంలో పాజిటివ్‌లు 14 శాతమే వస్తే, ఆ సూత్రం మీకు సున్నా కంటే తక్కువ వ్యాప్తిని చూపిస్తుంది. ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో తేలిన స్పెసిఫిసిటీని తెచ్చి విద్యార్థులకు అతికిస్తే ఇలాంటి వింతలు తప్పవు.

కాబట్టి మీ ముందున్న మార్గాలు రెండు. ఒకటి, శీర్షికలోనే "పీహెచ్‌క్యూ-9 ద్వారా గుర్తించిన కుంగుబాటు లక్షణాల వ్యాప్తి" అని రాసి, చర్చాధ్యాయం దాకా ఆ మాటకే కట్టుబడి ఉండడం. ఇది గౌరవప్రదమైన పనే, ఒంటరిగా పనిచేసే పీజీకి తగినదే. రెండోది, స్క్రీనింగ్ తరువాత నిర్ధారణ ఇంటర్వ్యూ ఉండే రెండు దశల అధ్యయనం. మానసిక వైద్యంలో డిసర్టేషన్ చేస్తున్న మీకు, ఇతర విభాగాలవారికి లేని ఒక నైపుణ్యం ఉంది. మీరు ఇంటర్వ్యూ చేయగలరు. అందుకే ఈ రోజు రెండో మార్గాన్ని ఒక ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను. అందులో సమస్యలు కూడా ఎక్కువే.

ఒక వైద్య కళాశాలలో ఐదు సంవత్సరాల తరగతులు, ఒక్కొక్క దానిలో 150 మంది చొప్పున మొత్తం 750 మంది ఉన్నారనుకుందాం. నమూనా పరిమాణానికి అందరికీ తెలిసిన సూత్రం ఇది:

n = Z² × p × (1 − p) ÷ d²

ఇందులో p మనం ఊహించే వ్యాప్తి, d ఒప్పుకోగల పొరపాటు, Z 95 శాతం విశ్వాసానికి వాడే 1.96. ఇక్కడ p కింద 0.27 తీసుకుని, d కింద 0.05 తీసుకుంటే, 1.96² × 0.27 × 0.73 ÷ 0.05² అంటే 303 వస్తుంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ మన జనాభా అనంతమైనది కాదు, 750 మందే. పరిమిత జనాభా సవరణ చేస్తే, 303 ÷ (1 + 302 ÷ 750), అంటే 216 చాలు. ప్రతి ఐదుగురిలో ఒకరు సమాధానం ఇవ్వరని అనుకుంటే 216ను 0.8తో భాగించి 270 మందిని ఆహ్వానించాలి. ఐదు తరగతులకు సమానంగా పంచితే తరగతికి 54 మంది.

ఈ 303ను, 216ను ఎలా తెచ్చారని ఎథిక్స్ కమిటీలోని గణాంక నిపుణుడు మిమ్మల్ని అడిగి తీరుతాడు. సూత్రం కంటే ఆయన p ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీదే పట్టుబడతాడు. మనం తీసుకున్న 0.27 స్క్రీనింగ్ శాతం. అది మొదటి దశకు సరిపోతుంది, ఇంటర్వ్యూతో తేలే వ్యాధి వ్యాప్తికి సరిపోదు. ప్రతిపాదనలో ఆ మాట మీరే ముందుగా రాసి పెట్టుకుంటే, ఆయన అడిగేదాకా ఆగనక్కరలేదు.

ఇదే లెక్క మరో సంగతి కూడా చెబుతుంది. ద్వితీయ లక్ష్యం కింద "మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం విద్యార్థుల మధ్య వ్యాప్తిని పోల్చడం" అని అలవాటుగా రాసేస్తుంటారు. 54 మందిలో 43 మంది సమాధానమిచ్చి, వారిలో పావు వంతు మంది పాజిటివ్ అయ్యారనుకోండి. ఆ తరగతి శాతానికి 95 శాతం విశ్వాస అంతరం సుమారు 12 నుంచి 38 వరకు సాగుతుంది. రెండు తరగతులకూ అంతంత వెడల్పు ఉన్నప్పుడు మీరు ఏ తేడా చూపగలరు? తరగతులను పోల్చడమే మీ ఉద్దేశమైతే నమూనా పరిమాణాన్ని ఆ ప్రశ్నకే కట్టాలి. లేదంటే ఆ లక్ష్యాన్ని తీసేయండి.

ఇక ఆ 54 మందిని ఎలా ఎంచుకోవాలి? కళాశాల ప్రవేశాల జాబితా నుంచి, ప్రతి తరగతికి విడిగా, కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలతో. హాజరు పట్టీ నుంచి మాత్రం వద్దు. తరగతికి రావడం మానేసినవాడు, పరీక్ష తప్పి కింది బ్యాచ్‌తో చదువుతున్నవాడు, అనారోగ్య సెలవులో ఉన్నవాడు ప్రవేశాల జాబితాలో ఉంటారు, ఉదయం పది గంటల లెక్చర్‌కు ఉండరు. కుంగుబాటు ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది వాళ్లలోనే. లెక్చర్ ముగిశాక కాగితాలు పంచి, వచ్చినవారందరి దగ్గరా తీసుకోవడమంటే ఆ రోజు మంచం మీద నుంచి లేవలేకపోయినవాడిని అధ్యయనం నుంచి తీసేయడమే. తరగతి వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టే పద్ధతిలో ఇబ్బంది వేరు. అక్కడ ఎంతమంది చూశారో తెలియదు, హారం తెలియదు, ఈ విషయం తనకు తగిలినవాడే ముందుగా నొక్కుతాడు. తక్కువ చూపుతుందో ఎక్కువ చూపుతుందో కూడా చెప్పలేని పక్షపాతం అది. ఎంపికైన ప్రతి ఒక్కరికీ విడిగా ఆహ్వానం పంపాలి. స్పందించనివారి సంవత్సరం, లింగం మాత్రం నమోదు చేసుకుని, స్పందించినవారితో పోల్చి చూపించాలి.

మినహాయింపుల దగ్గర ఒక పొరపాటు తరతరాలుగా ఒక డిసర్టేషన్ నుంచి మరో దానికి ఎక్కుతోంది. "మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవారిని, ప్రస్తుతం చికిత్సలో ఉన్నవారిని మినహాయిస్తాం" అని రాస్తారు. మందుల ప్రయోగానికి అది సబబు. వ్యాప్తిని కొలిచే అధ్యయనంలో అలా రాస్తే, మీరు లెక్కపెట్టవలసినవారినే లెక్క నుంచి తీసేసినట్టు. వారిని చేర్చి, "ఇప్పుడు చికిత్స తీసుకుంటున్నారా" అని విడిగా అడగండి. చికిత్స వల్ల స్కోరు తగ్గినవాడు ప్రస్తుతం పాజిటివ్‌గా రాడు. అతన్ని మరో వరుసలో చూపించవచ్చు. మినహాయింపు కింద నేను ఒప్పుకునేది ఒక్కటే, సమ్మతి ఇవ్వనివారు.

పరికరం గురించి ఇక ఎక్కువ చెప్పనక్కరలేదు. బెక్ ప్రశ్నావళి రెండో రూపం, 1996 నాటిది, 21 అంశాలతో లోతుగా ఉంటుంది. కానీ దానికి కాపీరైటు ఉంది, కొనుక్కోవాలి. సీఈఎస్-డీలో 20 అంశాలు, గడచిన ఒక్క వారాన్నే అడుగుతుంది. హెచ్ఏడీఎస్‌ను ఆసుపత్రి రోగుల కోసం తయారుచేశారు కాబట్టి నిద్ర, ఆకలి వంటి శారీరక లక్షణాలను దూరంగా ఉంచింది. రాత్రి డ్యూటీలు చేసే విద్యార్థులకు అది మేలే అనిపిస్తుంది. కానీ నిర్ధారణ ప్రమాణాలలో ఉన్నవాటిని అడగకుండా వ్యాధి గురించి మాట్లాడడం కష్టం. పీహెచ్‌క్యూ-9ను 2001లో క్రోంకీ, స్పిట్జర్, విలియమ్స్ ప్రచురించారు. తొమ్మిది అంశాలూ తొమ్మిది నిర్ధారణ ప్రమాణాలకు అద్దం పడతాయి. గడచిన రెండు వారాల్లో "అసలు లేదు" నుంచి "దాదాపు ప్రతిరోజూ" దాకా 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. ఉచితం. నేనైతే దీన్నే ఎంచుకుంటాను, కానీ మొదటి దశకు మాత్రమే. వేరే భాషలో వాడితే ఆ భాషలో పరీక్షించిన రూపాన్నే తీసుకోవాలి. సొంతంగా అనువదించి వాడితే ఆ కటాఫ్‌కు ఆధారం ఉండదు.

రెండు వారాలు అన్న మాట మీద ఒక్క నిమిషం నిలుద్దాం. నిద్ర పట్టకపోవడం, అలసట, ఏకాగ్రత లేకపోవడం అన్న మూడు అంశాలకు, పరీక్షల ముందు రెండు వారాల్లో ఏ జబ్బూ లేని విద్యార్థి కూడా రెండేసి మార్కులు వేయగలడు. అక్కడికే ఆరు. ఇంకో నాలుగు చేరితే పది. మొదటి సంవత్సరంవారిని సెలవుల తరువాత, చివరి సంవత్సరంవారిని పరీక్షల ముందు అడిగితే, మీకు కనిపించే తేడా క్యాలెండరుది. అందుకే 270 మంది జాబితాను కలగలిపి, అన్ని తరగతులవారూ ప్రతి వారం వచ్చేలా, వారానికి 20 మంది చొప్పున ఆహ్వానించాలని ప్రతిపాదనలో రాయండి. అలా సుమారు 14 వారాలు పడుతుంది. ప్రతి కాగితం మీద తేదీ, తరువాతి పరీక్షకు ఎన్ని రోజులున్నాయన్నది నమోదు చేయండి. విశ్లేషణలో ఇది మీకు మిగతా సామాజిక వివరాలన్నింటికంటే ఎక్కువగా పనికొస్తుంది.

ఇప్పుడు రెండో దశ. 216 మంది నింపారు, వారిలో 54 మందికి 10 లేదా అంతకు మించి స్కోరు వచ్చిందనుకుందాం. ఈ 54 మందికీ మినీ అన్న పేరుగల నిర్ధారణ ఇంటర్వ్యూ చేస్తారు. స్కోరు దాటని 162 మందిలో ప్రతి ఆరుగురికి ఒకరి చొప్పున 27 మందిని యాదృచ్ఛికంగా ఎంచి వారికీ చేస్తారు. నెగటివ్‌లను ఎందుకు పిలవాలి? వారిని పిలవకపోతే ప్రశ్నావళి జారవిడిచినవారు ఎప్పటికీ లెక్కకు రారు. పైగా స్కోరు దాటినవారినే పిలుస్తారని తెలిస్తే, ఇంటర్వ్యూ గది ముందు నిలబడిన ప్రతివాడికీ ముద్ర పడుతుంది. నెగటివ్‌లు కూడా వస్తే ఎవరు ఎందుకు వచ్చారో తోటివారికి తెలియదు.

54 మందిలో 24 మందికి, 27 మందిలో ఒకరికి వ్యాధి నిర్ధారణ అయిందనుకోండి. ఆ ఒక్కరు ఆరుగురికి ప్రతినిధి. కాబట్టి 24కు 6 కలిపి 30, అంటే 216లో 13.9 శాతం. కానీ ఈ లెక్క ఎంత సున్నితమైనదో చూడండి. ఆ 27 మందిలో ఎవరికీ వ్యాధి లేదని తేలితే జవాబు 11.1 శాతం. ఇద్దరికి తేలితే 16.7 శాతం. ఒక్క మనిషి ఫలితాన్ని దాదాపు మూడు శాతం అటూ ఇటూ కదిలిస్తున్నాడు. దీనికి ఉన్న మందు నెగటివ్‌లను రెండు మెట్లుగా విడగొట్టడం. 5 నుంచి 9 వరకు స్కోరు ఉన్నవారిలో ఎక్కువ మందిని, 0 నుంచి 4 వరకు ఉన్నవారిలో తక్కువ మందిని పిలిచి, ఒక్కొక్క మెట్టుకు తగిన బరువు వేయాలి. బరువులు వేసిన శాతానికి విశ్వాస అంతరాన్ని కూడా అదే పద్ధతిలో కట్టాలి, మామూలు సూత్రంతో కాదు. ఈ పనికి మొదటి రోజునుంచే గణాంక నిపుణుడిని కూర్చోబెట్టుకోండి.

ఇంటర్వ్యూ చేసేవారికి స్కోరు తెలియకూడదు. తెలిస్తే పాజిటివ్‌లో లక్షణాల కోసం వెతుకుతారు, నెగటివ్‌లో వదిలేస్తారు. ప్రశ్నావళికీ ఇంటర్వ్యూకూ మధ్య వ్యవధి వారం దాటకూడదు, దాటితే ఆ రెండూ వేర్వేరు కాలాలను కొలుస్తాయి. మినీలో ఉన్మాద లక్షణాల భాగాన్ని, మద్యం భాగాన్ని వదిలేయకండి. స్కోరు దాటినవారిలో బైపోలార్ ఉన్నవారూ ఉంటారు. వారిని మేజర్ డిప్రెషన్ వరుసలో వేస్తే లెక్క తప్పు, చికిత్స కూడా తప్పుతుంది. ఇద్దరు ఇంటర్వ్యూ చేస్తే, ముందుగా కొందరిని ఇద్దరూ విడివిడిగా అంచనా వేసి, ఎంతవరకు ఏకీభవించారో కాప్పా విలువతో చూపాలి.

నైతికత దగ్గరకు వద్దాం. ఎథిక్స్ కమిటీ నమూనా పత్రంలో గోప్యత కింద "సమాచారమంతా అజ్ఞాతంగా సేకరిస్తాం" అని రాయడం సులువు. కానీ అజ్ఞాతంగా సేకరిస్తే రెండో దశకు ఎవరిని పిలుస్తారు? మన అధ్యయనం అజ్ఞాతం కాలేదు, గోప్యం మాత్రమే కాగలదు. ఆ రెండింటి తేడా సమ్మతి పత్రంలో విద్యార్థికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. కాగితం మీద కోడ్ మాత్రమే ఉంటుంది, కోడ్‌నూ పేరునూ కలిపే జాబితా విభాగానికి బయట ఉన్న ఒక్కరి దగ్గర ఉంటుంది, ఇంటర్వ్యూలు ముగిసి డేటా సరిచూసుకున్నాక ఆ జాబితాను ధ్వంసం చేస్తారు, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం గోప్యతను దాటవలసి రావచ్చు. ఈ చివరి మాటను దాచిపెట్టి సమ్మతి తీసుకుంటే అది సమ్మతి కాదు.

తొమ్మిదో అంశం అసలు పరీక్ష. చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనలు వచ్చాయా అని అది అడుగుతుంది. ఆన్‌లైన్ ఫారం పంపి, రాత్రి పదకొండు గంటలకు ఒక విద్యార్థి దానికి "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెట్టాక, ఆ ఫైలును మీరు నెలాఖరున తెరిస్తే? తొమ్మిదో అంశాన్ని అడిగేవాడు అదే రోజు చదివే ఏర్పాటు చేసుకోవాలి. చేసుకోలేనివాడు దాన్ని అడగకూడదు. అడగని రూపం ఉంది, పీహెచ్‌క్యూ-8. తొమ్మిదో అంశం తప్ప మిగిలినవన్నీ ఉంటాయి, కటాఫ్ కూడా అదే 10. వెంటనే స్పందించలేని సర్వేలలో దాన్ని వాడడం తెలిసిన సంగతే. మన రెండు దశల అధ్యయనంలో పీహెచ్‌క్యూ-9నే ఉంచుకుంటాం కాబట్టి, కాగితాన్ని ఒక గదిలో నింపించి, తిరిగి తీసుకునేటప్పుడే శిక్షణ పొందిన సహాయకుడు తొమ్మిదో అంశాన్ని చూసేలా ఏర్పాటు చేస్తాం. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ సహాయకుడు, ఇంటర్వ్యూ చేసేవాడు ఒక్కరే కాకూడదు. ప్రమాదాన్ని అంచనా వేసే వైద్యుడు కూడా వేరే ఉండాలి. లేకపోతే స్కోరు తెలియకూడదన్న నియమం మొదటి వారంలోనే చెడిపోతుంది.

మీరు పాఠాలు చెప్పే విద్యార్థులను మీరే అడుగుతున్నారన్న సంగతి కూడా ఉంది. మీ గైడు రేపు వారి మౌఖిక పరీక్షలో కూర్చోవచ్చు. "ఇష్టమైతేనే పాల్గొనండి" అని మీరు ఎంత మృదువుగా చెప్పినా, మీ ముందు వద్దనడం వారికి కష్టం. ఆహ్వానం, సమ్మతి తీసుకోవడం, కాగితాలు సేకరించడం వారికి మార్కులు వేయని వ్యక్తి చేతిలో ఉండాలి. నిరాకరించినవారి జాబితా మీకు చేరకూడదు. ఇంటర్వ్యూ చేసే పీజీ కూడా వారి పోస్టింగ్‌లో లేనివాడై ఉండాలి. మొదటి సంవత్సరంలో 18 ఏళ్లు నిండనివారు ఉంటే వారి సమ్మతికి వర్తించే నియమాన్ని ముందే కనుక్కుని రాయండి. వారిని తీసేస్తే నమూనాలోంచి చిన్న వయసువారంతా పోతారు, నియమం పాటించకుండా చేర్చుకుంటే కమిటీ ఆపేస్తుంది.

నిర్ధారణ అయినవారిని ఎక్కడికి పంపుతారన్నది కమిటీ అడిగే మరో ప్రశ్న. "మా విభాగానికి రిఫర్ చేస్తాం" అన్న వాక్యం కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ మానసిక వైద్యం ఓపీలో తన సీనియర్ల ముందు కూర్చోవడానికి ఎంతమంది విద్యార్థులు వస్తారు? రోటెన్‌స్టైన్ సమీక్షలోనే, స్క్రీనింగ్‌లో పాజిటివ్‌గా వచ్చినవారిలో చికిత్స కోరినవారు 15.7 శాతం మాత్రమే. కళాశాలకు బయట, ఆ విద్యార్థుల చదువుతో సంబంధం లేని వైద్యుడిని ముందుగానే ఒప్పించి, ఆయన లేఖను ప్రతిపాదనకు జతచేయండి. ఇక కళాశాల యాజమాన్యానికి ఇచ్చే నివేదికలో చిన్న గడులు లేకుండా చూసుకోండి. చివరి సంవత్సరం, వసతి గృహం, లింగం, చికిత్సలో ఉన్నారా అన్న నాలుగు వివరాలను ఒకే పట్టికలో కలిపితే ఒక గడిలో ఒకే మనిషి మిగలవచ్చు. ఆ మనిషి ఎవరో ఆ తరగతిలో అందరికీ తెలిసిపోతుంది. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడిని పక్క గడితో కలిపేయాలని విశ్లేషణ ప్రణాళికలోనే రాసుకోండి.

వెనుక వరుసలో ఒకరు చేయి ఎత్తారు. తొమ్మిదో అంశానికి "కొన్ని రోజులు" అని మాత్రమే గుర్తు పెట్టినవారిని కూడా అదే రోజు చూడాలా అని అడుగుతున్నారు. చూడాలి. సున్నా కాని ప్రతి జవాబునూ చూడాలి. వారిలో చాలామందికి తక్షణ ప్రమాదం ఉండదన్నది నిజమే, కానీ ఎవరికి ఉందో ఆ గుర్తు ఒక్కటే చెప్పదు. ఎంతమంది వస్తారన్న భయం ఉంటే ఒక ముతక అంచనా వేసుకుందాం. పైన చెప్పిన సమీక్షలో ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారు 11.1 శాతం. మన 216 మందిలో అది సుమారు 24 మంది. 14 వారాలకు పంచితే వారానికి ఇద్దరు. వారానికి ఇద్దరి కోసం ఒక వైద్యుడు గంటసేపు అందుబాటులో ఉండాలి. ఆ వైద్యుడి పేరు, ఆయన సెలవులో ఉన్న రోజున ఎవరు చూస్తారన్నది, విద్యార్థి మాట్లాడనంటే ఏం చేస్తారన్నది, ఈ మూడూ ప్రతిపాదనలో అనుబంధంగా ఉంటే కమిటీ ముందు మీరు దాని గురించి వేరే మాట్లాడనక్కరలేదు.